పిన్ను గుచ్చే ముందు

రూటర్‌ను వెనక్కి తిప్పి చూస్తే, కరెంటు పిన్ను పెట్టే చోటుకు దగ్గర్లో సన్నటి బెజ్జం ఒకటి కనిపిస్తుంది. పక్కనే RESET అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అందులో వేలు పట్టదు. దుమ్ము దులిపేటప్పుడో, చిన్నపిల్లలు ఆడుకునేటప్పుడో పొరపాటున నొక్కుకుపోకూడదని తయారుచేసినవాళ్లు కావాలనే దాన్ని లోపలికి దాచారు. అయినా ఇంట్లో నెట్ ఆగిపోయిన అరగంటకల్లా ఎవరో ఒకరు గుండుసూదో, సిమ్ ట్రే తీసే పిన్నో పట్టుకుని ఆ బెజ్జం దగ్గరికి చేరతారు.

ఆపి మళ్లీ వెయ్యడం వేరు, ఈ పిన్ను గుచ్చడం వేరు. స్విచ్చి కట్టేసి ఒక నిమిషం ఆగి వేస్తే రూటర్ నిద్రలేచినట్టు లేస్తుంది. అందులో రాసి పెట్టుకున్నవన్నీ అలాగే ఉంటాయి. పిన్ను గుచ్చి పది సెకన్లు పట్టుకుంటే మాత్రం, కొన్న రోజు నుంచి అందులో ఎక్కించినవన్నీ చెరిగిపోయి, అట్టపెట్టెలోంచి తీసిన నాటి స్థితికి వస్తుంది. కస్టమర్ కేర్ వాళ్లు ‘ఒకసారి రీసెట్ చేయండి సార్’ అన్నప్పుడు చాలాసార్లు వాళ్ల ఉద్దేశం మొదటిదే. ఏది చెయ్యమంటున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది. కొన్ని మోడళ్లలో బెజ్జం కూడా ఉండదు. WPS/RESET అని ఒకే బటన్ ఉంటుంది. చిటికెలో నొక్కి వదిలితే ఒక పని చేస్తుంది, అదిమి పట్టుకుంటే మొత్తం తుడిచేస్తుంది.

తుడిచేది ఏమిటి అంటే చాలామంది ‘వైఫై పాస్‌వర్డ్’ అంటారు. అది నిజమే కానీ అందులో పెద్ద బాధేమీ లేదు. కంపెనీ పెట్టిన వైఫై పేరు, పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అసలు చిక్కంతా స్టిక్కర్ మీద లేని వాటితోనే వస్తుంది. కనెక్షన్ ఇచ్చిన సంస్థ మనకు కేటాయించిన యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, కనెక్షన్ రకం, కొన్నిచోట్ల VLAN అనే ఒక అంకె. వీటిని రూటర్ తయారుచేసిన కంపెనీ ఎరగదు. బిగించిన రోజున ఆపరేటర్ కుర్రాడు తన ఫోన్‌లోంచి చూసి కొట్టి వెళ్లిపోయి ఉంటాడు. ఇంటివాళ్లు వాటిని ఎన్నడూ చూసి ఉండరు.

ఒక ఇంటిని ఉదాహరణకు తీసుకుందాం. తెనాలిలో అనుకుందాం. లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దాయన, భార్య, సెలవులకు వచ్చిన మనవడు. గోడ మీద రెండు పెట్టెలు. ఒకటి ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ మోడెమ్, వీధిలోంచి వచ్చే సన్నటి గాజు తీగ అందులోకి దిగుతుంది. రెండోది డాలస్‌లో ఉండే కొడుకు కొనిచ్చి పోయిన వైఫై రూటర్. మోడెమ్ కాంతిని డేటాగా మార్చి పక్కకు అందించడం తప్ప ఇంకేమీ చెయ్యదు. లాగిన్ అవడం, వైఫై ఇవ్వడం అంతా రూటర్ పని. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు, వాటిని రికార్డు చేసే డీవీఆర్ ఒకటి. కొడుకు అక్కడి నుంచే రోజూ ఫోన్‌లో ఇల్లు చూసుకుంటాడు.

ఒక సాయంత్రం నెట్ పోయింది. మోడెమ్ మీద LOS అని ఉన్న చోట ఎర్ర దీపం కొట్టుకుంటోంది. ఆ దీపం ఎర్రగా వెలిగిందంటే ఫైబర్‌లోంచి కాంతి రావడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగింది, లేదా ఒంగిపోయింది, లేదా కనెక్టర్ ఊడింది. ఇంట్లో ఎన్ని పిన్నులు గుచ్చినా ఆ కాంతి తిరిగి రాదు. మనవడికి ఆ సంగతి తెలియదు. యూట్యూబ్‌లో చూసినట్టుగా రూటర్‌కి పిన్ను గుచ్చాడు. దీపాలన్నీ ఒక్కసారి మెరిశాయి. నెట్ రాలేదు. మర్నాడు పొద్దున రోడ్డు పని దగ్గర తెగిన తీగను లైన్‌మన్ అతికించాడు. LOS ఆరిపోయింది, PON పచ్చగా నిలిచింది. అయినా నెట్ రాలేదు. మొదట ఉన్న లోపం ఒకటైతే, ఇప్పుడు మిగిలింది రాత్రి పిన్నుతో తెచ్చిపెట్టుకున్న రెండోది.

మధ్యాహ్నానికి ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చాడు.

“రూటర్ ఎవరైనా నొక్కారా మాస్టారూ?”

“మా మనవడు ఏదో చేశాడయ్యా. ఏం, పాడైపోయిందా?”

“పాడవలేదండీ. అంతా చెరిగిపోయింది. మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాయితం ఏమన్నా ఉందా?”

ఆ కాయితం ఏ ఇంట్లోనూ దొరకదు. కుర్రాడు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఈ ఇంట్లో తర్వాత జరిగిన పని వరుసగా చూస్తే, ఏమేం పోయాయో, వాటిలో దేనికి ఎంత విలువో తెలుస్తుంది.

మొదటి తిప్పలు రూటర్ లోపలికి వెళ్లడంలోనే. స్టిక్కర్ మీద ఉన్న వైఫై పేరుకు ఫోన్ కలిపితే, ‘ఇందులో ఇంటర్నెట్ లేదు’ అంటూ ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంది. అప్పుడు బ్రౌజర్‌లో 192.168.0.1 అని ఎంత కొట్టినా పేజీ రాదు. మొబైల్ డేటా ఆపేసి కొడితే వెంటనే వస్తుంది. ఈ ఒక్క చిన్న విషయం తెలియక రూటర్ చచ్చిపోయిందని దుకాణానికి పట్టుకెళ్లేవాళ్లు ఉంటారు. ఆ అంకె కూడా అన్నిటికీ ఒకటి కాదు. కొన్నిటికి 192.168.1.1, జియో పెట్టెలకు 192.168.29.1. ఏదైనా స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది.

లోపలికి వెళ్లగానే రూటర్ కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. పాత మోడళ్లయితే అడగవు, admin అనే మాటే పేరూ పాస్‌వర్డూ రెండూను. అక్కడ మనమే గుర్తుపెట్టుకుని మార్చాలి. లేకపోతే వైఫైలోకి వచ్చిన ఎవరైనా రూటర్ సెట్టింగుల్ని తిరగరాయగలరు.

తర్వాత WAN లేదా Internet అనే పేజీ. అక్కడ కనెక్షన్ రకం ఎంచుకోమని ఒక జాబితా ఉంటుంది: Dynamic IP, Static IP, PPPoE. రీసెట్ అయిన రూటర్ సాధారణంగా మొదటి దాని మీద నిలబడి ఉంటుంది. మాస్టారి కనెక్షన్ మూడోది. మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్లు చాలా వరకు ఈ రకమే. ఇందులో రూటర్ ముందుగా సంస్థ సర్వర్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి రానివ్వమని అడుగుతుంది, ఒప్పుకుంటేనే నెట్ వస్తుంది. యూజర్‌నేమ్ తరచుగా ఈమెయిల్ అడ్రసులా మధ్యలో @ గుర్తుతో ఉంటుంది. @ తర్వాతి భాగం వదిలేసి కొడితే అది వేరే మనిషి పేరు కిందే లెక్క. రీచార్జి చేసే యాప్ పాస్‌వర్డ్, ఈ పాస్‌వర్డ్ ఒకటే కానక్కర్లేదని కూడా గుర్తుంచుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

మాస్టారి ఇంట్లో మొదటిసారి కొట్టినప్పుడు కనెక్ట్ కాలేదు. స్టేటస్ పేజీలో ఐపీ అడ్రస్ 0.0.0.0 అని చూపించింది. ఇలాంటప్పుడు రూటర్‌లో System Log అనే పేజీ తెరిస్తే లోపం ఏ వైపు ఉందో చాలా మటుకు తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ తప్పయితే auth failed అన్న ధోరణిలో వాక్యం ఉంటుంది. అంటే సర్వర్ దాకా మాట చేరింది, అక్కడ కాదన్నారు. దీనికి భిన్నంగా PADI అన్న మాట పదే పదే కనిపించి దాని తర్వాత జవాబేమీ లేకపోతే, రూటర్ ‘ఎవరైనా ఉన్నారా’ అని కేకేస్తున్నా వినేవాళ్లు లేరన్నమాట. అప్పుడు పాస్‌వర్డ్‌ను వందసార్లు మార్చి కొట్టినా ప్రయోజనం ఉండదు. వైరు తప్పు పోర్టులో ఉండాలి, మోడెమ్‌లో లోపం ఉండాలి, లేదా VLAN అంకె తప్పయి ఉండాలి. విండోస్ కంప్యూటర్‌కు నేరుగా మోడెమ్ వైరు పెట్టి డయల్ చేసేవారికి ఇదే తేడా అంకెల్లో కనిపిస్తుంది. 691 వస్తే పేరు, పాస్‌వర్డ్‌ల దగ్గర తప్పు. 651 వస్తే లైను వైపు చూడాలి.

కుర్రాడికి కనిపించింది auth failed. పాస్‌వర్డ్‌లో చిన్న l అక్షరాన్ని ఫోన్‌లో విని 1 అంకెగా కొట్టాడు. మార్చి కొట్టినా వెంటనే రాలేదు. అప్పటికి వరసగా ఐదారుసార్లు తప్పు కొట్టి ఉండటంతో కాసేపు ఆగాడు. ఇంకో సందర్భంలో కూడా ఇలా ఆగాల్సి ఉంటుంది. రూటర్ ఉన్నట్టుండి తుడిచిపెట్టుకుపోతే, పాత లాగిన్ ఇంకా నడుస్తోందనే సర్వర్ కొంతసేపు అనుకుంటుంది. ఒక పేరుతో ఒక్క లాగినే అనుమతించే సంస్థ అయితే సరైన పాస్‌వర్డ్‌ను కూడా తిప్పికొడుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగితే సర్దుకోవచ్చు. లేదంటే ఆఫీసువాళ్లు ఆ పాత లాగిన్‌ను అక్కడి నుంచి తీసేస్తారు. మాస్టారింట్లో టీ తాగేలోపు ఐపీ అడ్రస్ వచ్చింది.

వైఫై దగ్గర కుర్రాడు మంచి పని చేశాడు. కొత్త పేరు పెట్టకుండా పాత పేరే, పాత పాస్‌వర్డే, పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా కొట్టాడు. దాంతో టీవీ, రెండు ఫోన్లు, ప్రింటర్ ఎవరూ ముట్టుకోకుండానే వచ్చి కలిశాయి. వాటి దృష్టిలో ఏమీ జరగలేదు. ఇంట్లో వైఫై బల్బులు, ప్లగ్గులు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఒక్కొక్కదాన్నీ యాప్‌లో మళ్లీ కలపడమంటే ఒక పూట పడుతుంది.

అన్నీ వచ్చాయి, ఒక్క డీవీఆర్ తప్ప. డాలస్ నుంచి రాత్రి కొడుకు ఫోన్: “నాన్నా, కెమెరాలు ఆఫ్‌లైన్ అంటున్నాయి.” కారణం విచిత్రమైనది కాదుగానీ పట్టుకోవడం కష్టం. కొడుకు అప్పట్లో రూటర్ సొంత అడ్రసును 192.168.10.1 గా మార్చి, డీవీఆర్‌కు 192.168.10.50 అని చేత్తో రాసి స్థిరపరిచాడు. రీసెట్‌తో రూటర్ తన పుట్టినప్పటి 192.168.0.1 కు వెళ్లిపోయింది. డీవీఆర్ మాత్రం ఇంకా పాత అడ్రసు దగ్గరే తలుపు కొడుతూ కూర్చుంది. రూటర్‌లో LAN అనే పేజీకి వెళ్లి ఆ అడ్రసును మళ్లీ పాతదిగా మార్చగానే కెమెరాలు వచ్చేశాయి. ఒకవేళ పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి కెమెరాలు చూసే పాత పద్ధతి అయి ఉంటే ఆ నియమాలు కూడా మళ్లీ రాయాల్సి వచ్చేది. పిల్లల ఫోన్లకు పెట్టిన సమయ నియంత్రణలు, అతిథుల వైఫై, మార్చి పెట్టుకున్న డీఎన్ఎస్ కూడా ఇలాగే పోతాయి.

మాస్టారికి ఒక అదృష్టం కలిసొచ్చింది. మనవడు గుచ్చింది రూటర్‌కే, ఫైబర్ మోడెమ్‌కు కాదు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ రెండూ కలిసిన ఒకే పెట్టె ఉంటుంది. దానికి పిన్ను గుచ్చితే యూజర్‌నేమ్‌తో పాటు ఇంకొన్ని పోతాయి. అందులో మొదటిది VLAN అంకె. ఒకే గాజు తీగలో నెట్, ల్యాండ్‌లైన్ ఫోన్, కొన్నిచోట్ల టీవీ కూడా వస్తాయి. ఒకే రోడ్డు మీద నడిచే బస్సుల్ని నంబరు బట్టి పోల్చుకున్నట్టు, ఆ సేవల్ని సంస్థ అంకెలతో వేరుచేస్తుంది. అంకె 1 నుంచి 4094 దాకా ఏదైనా కావచ్చు. ఒక సంస్థది ఇంకో సంస్థకు పనిచేయదు. ఒకే సంస్థలో కూడా ఊరు మారితే, ఆపరేటర్ మారితే అంకె మారవచ్చు. కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి రూటర్‌లో చూసి ఇక్కడ కొట్టడం దండగ. రెండు వేల పదిహేడు డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ లాంటి మూడు సేవల కనెక్షన్లలో, ఇలాంటి వివరాలు పోతే నెట్‌తో పాటు టీవీ, ఫోన్ కూడా ఆగే ప్రమాదం ఉంది.

రెండోది, కొన్ని సంస్థలు మోడెమ్‌ను గుర్తుపట్టడానికి వాడే LOID అనే గుర్తింపు. అది చేత్తో ఎక్కించింది గనక చెరిగిపోతుంది. మోడెమ్ సీరియల్ నంబరును బట్టి గుర్తుపట్టే సంస్థలకు మాత్రం ఇబ్బంది లేదు. నాలుగు అక్షరాలు, ఎనిమిది అంకెలూ అక్షరాలతో ఉండే ఆ నంబరు మామూలు రీసెట్‌కు చెరగదు. పెట్టె వెనక స్టిక్కర్ మీద కూడా ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఈ తేడా కనిపెట్టాలంటే PON దీపం చూడాలి. అది కొట్టుకుంటూనే ఉంటే ఎక్స్ఛేంజి మోడెమ్‌ను ఇంకా గుర్తుపట్టలేదు. స్థిరంగా వెలుగుతూ ఇంటర్నెట్ దీపం మాత్రం రాకపోతే, గుర్తింపు అయింది, లాగిన్ వివరాలో VLAN అంకో లేవు.

మూడోది ల్యాండ్‌లైన్. ఫైబర్ మీద వచ్చే ఫోన్‌కు కూడా ఒక లాగిన్ ఉంటుంది. దాని పాస్‌వర్డ్‌ను సంస్థలు సాధారణంగా వినియోగదారుడికి చెప్పవు. నెట్ వచ్చాక కూడా ఫోన్ మూగగా ఉందంటే కారణం అదే. వాళ్లే వచ్చి పెట్టాలి, లేదా దూరం నుంచి ఎక్కించాలి.

దూరం నుంచి ఎక్కించడం నిజంగానే ఉంది. పెద్ద సంస్థలు ఇచ్చే పెట్టెల్లో TR-069 అనే ఏర్పాటు ఉంటుంది. రీసెట్ అయిన పెట్టె లేవగానే సంస్థ సర్వర్‌ను పలకరిస్తుంది. సర్వర్ దాన్ని గుర్తుపట్టి యూజర్‌నేమ్, VLAN, ఫోన్ వివరాలు అన్నీ తిరిగి పంపేస్తుంది. ఇలాంటి ఇళ్లలో పిన్ను గుచ్చినా కొద్ది నిమిషాల్లో నెట్ దానంతట అదే వస్తుంది, వైఫై పేరు ఒక్కటి మార్చుకుంటే చాలు. పక్కింటివాళ్లు ‘మేం రీసెట్ చేశాం, బాగానే వచ్చింది’ అనడానికి ఇదే కారణం కావచ్చు. చిన్న ఆపరేటర్ల దగ్గరా, మనం సొంతంగా కొన్న పెట్టెల్లోనూ ఆ సదుపాయం ఉంటుందని నమ్మకం పెట్టుకోకూడదు.

PPPoE లేని కనెక్షన్లలో ఇంకో రకం పేచీ ఉంది. కొందరు కేబుల్ ఆపరేటర్లు మొదట కలిపిన పరికరం మ్యాక్ అడ్రసును పట్టుకుని దానికే నెట్ ఇస్తారు. రూటర్ కొన్నప్పుడు ఎవరో అందులో MAC Clone అనే చోట పాత కంప్యూటర్ అడ్రసు పెట్టి నడిపించి ఉంటారు. రీసెట్‌తో అది పోయి, సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తూ నెట్ మాత్రం రాదు. ఆపరేటర్‌కు ఫోన్ చేసి రూటర్ స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్ చెబితే వాళ్ల వైపు మారుస్తారు.

మరి ఈ బెజ్జానికి పని ఎప్పుడు? అడ్మిన్ పాస్‌వర్డ్ మరిచిపోయి లోపలికి వెళ్లే దారే లేనప్పుడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు. ఎవరో సెట్టింగుల్ని కెలికి ఏది ఎక్కడ ఉందో తెలియకుండా చేసినప్పుడు. ఇంకా, రూటర్‌లోకే వైరస్ దూరినప్పుడు. చివరిదానికి పేరుపొందిన ఉదాహరణ 2018 మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్. ప్రపంచం మీద కనీసం 5 లక్షల రూటర్లు, స్టోరేజి పెట్టెల్లోకి అది చొరబడిందని సిస్కో సంస్థ పరిశోధకులు ప్రకటించారు. అందరూ రూటర్లను ఒకసారి ఆపి వెయ్యాలని అమెరికా ఎఫ్‌బీఐ కోరింది. ఆపి వేస్తే దాని పై భాగాలు పోతాయి కానీ మొదట దూరిన భాగం మిగిలిపోతుంది. దాన్ని కూడా వదిలించుకోవడానికి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చమని నిపుణులు చెప్పారు. రీసెట్ ఒక్కటి సరిపోదు. అది సెట్టింగుల్ని తుడుస్తుంది గానీ ఫర్మ్‌వేర్‌ను మార్చదు. లొసుగు ఉన్న ఫర్మ్‌వేర్ అలాగే ఉంటే వైరస్ వచ్చిన దారి కూడా అలాగే ఉంటుంది.

నెట్ నెమ్మదిగా రావడం, ఒక గదిలో సిగ్నల్ అందకపోవడం, బిల్లు గడువు దాటడం, LOS ఎర్రగా వెలగడం, ఈ నాలుగింటికీ రీసెట్‌తో సంబంధం లేదు. అయినా ఎక్కువ పిన్నులు గుచ్చేది వీటికే.

రీసెట్ తప్పదనుకున్నప్పుడు, అడ్మిన్ పేజీ ఇంకా తెరుచుకుంటూ ఉంటే ముందు Backup & Restore అన్న చోటు వెతకండి. ఒక్క నొక్కుతో సెట్టింగులన్నీ ఒక ఫైలుగా దిగుతాయి. రీసెట్ తర్వాత దాన్నే తిరిగి ఎక్కిస్తే సరి. ఇది అదే మోడల్‌కే పనికొస్తుంది. చెడిపోయిన సెట్టింగుల వల్లే రీసెట్ చేస్తున్నట్టయితే ఆ చెడు కూడా ఫైలులో తిరిగి వస్తుంది. ఫైలులో పాస్‌వర్డ్లు ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపులో పంచుకునే వస్తువు కాదు. WAN, LAN, వైఫై పేజీల్ని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం కూడా మంచిదే. కానీ పాస్‌వర్డ్ ఉన్న చోట చుక్కలే పడతాయి. అందుకే ఆపరేటర్‌కు ఫోన్ తప్పదు. అడగాల్సినవి నాలుగు: కనెక్షన్ రకం ఏది, యూజర్‌నేమ్ పూర్తిగా ఏమిటి, పాస్‌వర్డ్ ఏమిటి, VLAN అంకె ఉందా. ఒకే పెట్టె అయితే, రీసెట్ చేస్తే సెట్టింగులు మీ వైపు నుంచి తిరిగి వస్తాయా అన్నది కూడా. ఇవి చేతికొచ్చాకే పిన్ను. గుచ్చేటప్పుడు రూటర్‌కు కరెంటు ఉండాలి. దీపాలన్నీ ఒకేసారి మెరిసేదాకా, సుమారు పది సెకన్లు, పట్టుకుని వదిలేసి రెండు మూడు నిమిషాలు దాని జోలికి వెళ్లకూడదు. మధ్యలో కరెంటు పోతే కొన్ని పెట్టెలు మళ్లీ లేవవు. కోతలున్న వేళ ఈ పని పెట్టుకోవద్దు.

ఇంకో సందర్భంలో మాత్రం పిన్ను గుచ్చడం ఆఖరి పని కాదు, మొదటి పని. సొంత రూటర్‌ను అమ్మేస్తున్నా, తెలిసినవాళ్లకు ఇచ్చేస్తున్నా, పాత సామాన్లవాడికి వేస్తున్నా ముందు దాన్ని రీసెట్ చేయండి. లేకపోతే మీ వైఫై పాస్‌వర్డ్, బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ కూడా దానితో పాటే వెళ్తాయి.